అప్పు తేవాలా, వాటా ఇవ్వాలా: జిన్నింగ్ మిల్లు పెంచబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, ఆదోని నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్కలు రెండుసార్లు చదివాను. కొత్త జిన్నులు, బేల్ ప్రెస్సు, గోడౌను అన్నీ కలిపి 3 కోట్లు. మొత్తం బ్యాంకు టర్మ్ లోన్ తీసుకుంటే వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని, వాటాదారుడికి ఇచ్చే డివిడెండుకు అది ఉండదని మీ ఆడిటర్ అన్నాడని రాశావు. ఆయన మాట నిజమే. మీ కంపెనీ 22 శాతం రేటులో ఉంది, సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం. 11 శాతం వడ్డీ అంటే 3 కోట్లకు మొదటి ఏడు 33 లక్షలు. దాని వల్ల తగ్గే పన్ను 8 లక్షల 30 వేలు. అంటే అప్పు నీకు 8.2 శాతానికే పడినట్టు. కాగితం మీద ఇంతకన్నా చౌక డబ్బు దొరకదు.

అయితే ఆ 8 లక్షలు ఎవరూ నీ చేతికి తెచ్చి ఇవ్వరు. నువ్వు పన్ను కట్టాల్సి ఉంటేనే, అందులో అంత తగ్గుతుంది. పన్ను పడే లాభమే లేని ఏడు తగ్గడానికి ఏముంటుంది? పత్తిలో అలాంటి ఏడు రాకుండా పోదని నీకూ తెలుసు.

నీ లెక్కనే తీసుకుందాం. మామూలు ఏడు వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు 1 కోటి 20 లక్షలు మిగులుతుందని రాశావు. పత్తి కొనడానికి బ్యాంకులో వాడుకునే సీసీ లిమిట్ వడ్డీ ఇప్పటికే 22 లక్షలు ఉంది. దాని మీద కొత్త లోన్ వడ్డీ 33 లక్షలు, ఐదేళ్ల లోన్ కాబట్టి అసలు 60 లక్షలు. అంతా కలిపి 1 కోటి 15 లక్షలు. మిగిలిన 5 లక్షల్లో పన్నుకు సగం పోతుంది. అసలు కంతుకు పన్ను మినహాయింపు ఏమీ లేదు, చాలామంది దీన్నే మరిచిపోతారు. మామూలు ఏడే ఇంత బిగువుగా ఉంటే, బ్యాంకువాళ్లు కూడా లోన్ ఇచ్చే ముందు నసుగుతారు.

ఇప్పుడు చెడ్డ ఏడు. పంట తీసేటప్పుడు వానపడి పత్తి తడిసింది, ధర పడిపోయింది, చేతికి వచ్చింది 45 లక్షలే అనుకో. సీసీ వడ్డీ పోగా 23 లక్షలు. కట్టాల్సింది 93 లక్షలు. 70 లక్షలు తక్కువ. ఆ ఏడు వడ్డీ మీద పన్ను ఎంత మిగిలింది? ఏమీ లేదు. పాతవీ కొత్తవీ కలిపి 55 లక్షల తరుగుదలే లాభాన్నంతా తినేసింది. ఆ నష్టాన్ని తర్వాతి ఏళ్లకు మోసుకెళ్లవచ్చు, నిజమే. కానీ ఈ ఏడు కంతు ఈ ఏడే కట్టాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాంకు వడ్డీని నిజంగా కట్టినప్పుడే ఖర్చుగా చూపవచ్చు. కట్టలేక దాన్ని అసలులో కలిపించుకుంటే, కలిపినంత మాత్రాన కట్టినట్టు కాదు.

ఇదంతా నేను చదివి చెప్పడం లేదు, పడి చెబుతున్నాను. ప్రెస్సింగ్ యూనిట్ పెట్టినప్పుడు మొత్తం అప్పే తెచ్చాను. రెండో సీజన్‌లోనే ధర జారింది. నా దగ్గర 1,200 బేళ్లు ఉన్నాయి, అంటే దాదాపు 570 క్యాండీలు. రెండు నెలలు ఆగితే ధర లేస్తుందని నాకు తెలుసు, ఆగే స్తోమత లేదు. జనవరిలో కంతు గడువు. నాకు డబ్బు అవసరమని స్పిన్నింగ్ మిల్లు వాళ్లకు ఎలాగో తెలిసిపోయింది, క్యాండీకి 3,000 తగ్గించి అడిగారు. ఇచ్చాను. 17 లక్షలు ఒక్క వారంలో పోయాయి. ఆ తర్వాత మండీలో కమీషన్ ఏజెంట్లు వారం గడువుకు కూడా సరుకు ఇవ్వలేదు, రొక్కం అన్నారు. కొనగలిగింది సగమైంది, జిన్నులు సగం రోజులు ఆగాయి. పన్నెండేళ్లు నా దగ్గర పనిచేసిన ఫిట్టర్ వేరే మిల్లుకు వెళ్లిపోయాడు. చూడు, నేను ఒక్క కంతు కూడా ఎగ్గొట్టలేదు. 90 రోజులు దాటి ఎన్‌పీఏ కావడం, 60 రోజుల నోటీసు రావడం, ఇల్లు జప్తుకు రావడం, ఇవన్నీ తర్వాతి సంగతులు. నష్టం అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది, అది ఏ ఖాతాలోనూ విడిగా కనిపించదు.

అందుకని ఇలా చేసి చూడు. లోన్ 1 కోటి 20 లక్షలే తీసుకో. కంపెనీలో మిగులుగా ఉన్న 80 లక్షలు పెట్టు. మిగతా 1 కోటికి వాటా ఇవ్వు. అప్పుడు వడ్డీ 13 లక్షల 20 వేలు, అసలు 24 లక్షలు, మొత్తం 37 లక్షల చిల్లర. అదే చెడ్డ ఏడు వస్తే 14 లక్షలే తక్కువ పడుతుంది. అది ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టుకోగల మొత్తం. దీనికి నువ్వు వదులుకునేది ఎంత? రెండు లోన్లకూ ఐదేళ్ల వడ్డీ లెక్కవేశాను. పన్నులో తేడా ఐదేళ్లకు కలిపి 15 లక్షలు, అదీ ఐదేళ్లూ లాభం వస్తేనే. నేను ఒక్క వారంలో పోగొట్టుకున్నది దానికన్నా ఎక్కువ.

వాటా ఊరికే వచ్చే డబ్బు కాదు, అదీ చెప్పాలి. మిల్లును ఇప్పుడు 4 కోట్లుగా లెక్కగడితే, 1 కోటి పెట్టినవాడికి ఐదో వంతు పోతుంది. అప్పు ఐదేళ్లకు తీరిపోతుంది, వాటా తీరదు. మంచి ఏళ్లు వరసగా వస్తే బ్యాంకుకు కట్టేదానికన్నా ఎక్కువే అతనికి పోతుంది. అతను వెళ్లిపోవాలనుకుంటే ఏ లెక్కన కొంటావో మొదటిరోజే రాయించుకో. అంత వాటా ఇవ్వడానికి మనసొప్పకపోతే, మీ అన్న దగ్గరున్న డబ్బు అన్‌సెక్యూర్డ్ లోన్‌గా తీసుకోవచ్చు. బ్యాంకు లోన్ తీరేదాకా వెనక్కు తీసుకోనని రాసిస్తే, బ్యాంకువాళ్లు దాన్ని సొంత పెట్టుబడితో సమానంగా చూస్తారు. వడ్డీకి మినహాయింపూ ఉంటుంది, చెడ్డ ఏడు అన్న ఆగుతాడు.

మొత్తం అప్పే మేలనే సందర్భమూ ఒకటుంది. నీ మిల్లు సొంతానికి పత్తి కొనకుండా, క్వింటాలుకు ఇంతని కూలికి జిన్నింగ్ చేస్తే ధర పడినా నీకు తగిలేది తక్కువ. మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనే ఏడు అలాంటి పని పెరుగుతుంది కూడా. నీ రాబడిలో సగమన్నా అలా వస్తుంటే లోన్ 2 కోట్ల దాకా వెళ్లినా నేను అడ్డు చెప్పను. కానీ నీ కాగితాల్లో అది పదో వంతు కూడా లేదు.

బ్యాంకుకు వెళ్లినప్పుడు నెలనెలా ఒకేలా కంతు ఒప్పుకోవద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పెద్ద కంతులు, వానాకాలంలో వడ్డీ మాత్రమే అని అడుగు. సీజన్ మీద నడిచే మిల్లుకు అది న్యాయమైన కోరికే. యంత్రాలు నడవడం మొదలయ్యేలోపు పడే వడ్డీని ఖర్చుగా చూపలేవు, అది యంత్రం విలువలో కలిసి తరుగుదలగా మెల్లగా వస్తుంది. కాబట్టి బిగింపు ఆలస్యమైతే మొదటి ఏడు నీ 8 లక్షల లెక్క కూడా తప్పుతుంది. లోన్ నడిచేటప్పుడు ఒక్కటి కనిపెట్టుకొని ఉండు: టర్మ్ లోన్ కంతు సీసీ ఖాతాలోంచి కడుతున్నావంటే పత్తి కొనే డబ్బుతో యంత్రం అప్పు తీరుస్తున్నావన్నమాట. ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం ఎమ్మిగనూరు నుంచి ఇక్కడికి రా. గత ఏడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఏ నెల ఎన్ని క్వింటాళ్లు కొన్నావో రాసిన పుస్తకం తీసుకురా. ఆ ఏడింటిలో అన్నిటికన్నా చెడ్డ ఏడు ఏదో వెతికి, కంతు ఎంత మోయగలవో దాన్నిబట్టి కూర్చుని తేలుద్దాం.

మీ మామ