‘ఉండాలి’కీ ‘ప్రాధాన్యం’కీ మధ్య

సందేహం: మా దగ్గర ఒక ఆసుపత్రి ఇచ్చిన ప్రకటన ఇది. ‘బిల్లింగ్ కౌంటర్‌కు ఉద్యోగులు కావలెను. ఏదైనా డిగ్రీ ఉత్తీర్ణులై, కంప్యూటర్ పరిజ్ఞానం కలిగి ఉండాలి. హిందీ మాట్లాడగలిగినవారికి, ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యత ఇవ్వబడును. రాత్రి షిఫ్టులకు సిద్ధంగా ఉన్నవారు మాత్రమే సంప్రదించగలరు.’ మా చెల్లికి కంప్యూటర్ వచ్చు, హిందీ రాదు, అనుభవం లేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసింది, ఫలితాలు ఇంకా రాలేదు. ఇవన్నీ ఉంటేనే అప్లై చేయాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అక్కర్లేదమ్మా. హిందీ, అనుభవం లేవని మీ చెల్లి ఆగిపోనక్కర్లేదు. ఆలోచించాల్సినవి వేరే రెండున్నాయి.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అర్హతలన్నీ ముందు వరసగా చదువుకుంటూ పోతాం కాబట్టి అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. వాటిలో ఏది షరతో ఏది కాదో తేల్చేది మాత్రం ఆ చివరి మాటే. అందుకే ప్రకటనలో ప్రతి వాక్యాన్నీ ఒకసారి చివరినుంచి వెనక్కి చదవమంటాను.

రెండో వాక్యం ‘ఉండాలి’తో ముగిసింది. ‘ఉండవలయును’ అన్నదే ‘ఉండవలెను’ అయి, వాడుకలో ‘ఉండాలి’ అయింది. ఇది విధి, తప్పనిసరి. ‘ఉత్తీర్ణులై, కలిగి’ అన్న రెండూ ఆ ఒక్క ‘ఉండాలి’ మీదే ఆనుకున్నాయి కాబట్టి డిగ్రీ, కంప్యూటర్ రెండూ కావాలి.

మూడో వాక్యం తీరు వేరు. ‘ప్రాధాన్యం’ అంటే పోల్చడం. కొందరిని ముందు చూస్తామంటే, తరువాత చూడడానికి మిగతావాళ్లు కూడా వరసలో ఉన్నారనే కదా! హిందీ రానివాళ్లను వద్దనుకుంటే ‘హిందీ వచ్చి ఉండాలి’ అని రాసేవారు. ఇంకో సంగతి, ఇక్కడ ‘వారికి, వారికి’ అని రెండుసార్లు వచ్చింది. అంటే ఇవి రెండు వేరు వేరు గుంపులు, ఏ ఒక్కటి ఉన్నా ప్రాధాన్యం దక్కుతుంది. ‘హిందీ మాట్లాడగలిగి, అనుభవం ఉన్నవారికి’ అని రాసి ఉంటే రెండూ ఒకే మనిషిలో ఉండాల్సి వచ్చేది. (‘ప్రాధాన్యత’ అని చాలామంది రాస్తున్నారు. ‘ప్రధాన’ నుంచి వచ్చిన ‘ప్రాధాన్యం’లోనే ఆ భావం ఉంది, మళ్లీ ‘త’ చేర్చనక్కర్లేదు.)

అనుమానం తీరకపోతే ‘ఆ అర్హత లేకపోయినా సంప్రదించవచ్చు’ అన్న వాక్యాన్ని పక్కన చేర్చి చూడండి. ‘హిందీ రాకపోయినా సంప్రదించవచ్చు’ అంటే ప్రకటనతో ఎక్కడా తగువు రాదు. ‘కంప్యూటర్ రాకపోయినా సంప్రదించవచ్చు’ అంటే ‘ఉండాలి’ ఒప్పుకోదు. తగువు వచ్చినచోట ఉన్నది షరతు.

అయితే ప్రాధాన్యానికి విలువ లేదనుకోకండి. ‘ఇవ్వబడును’ అన్నారే గానీ, ఎంత ఇస్తారో చెప్పలేదు. యూపీఎస్సీ నేరుగా చేసే నియామకాల ప్రకటనల్లో తప్పనిసరి అర్హతలు, వాంఛనీయ అర్హతలు విడివిడిగా ఉంటాయి. దరఖాస్తులు మరీ ఎక్కువైతే వాంఛనీయ అర్హతలను బట్టి కూడా ఇంటర్వ్యూకు పిలిచేవారిని తగ్గించవచ్చని అందులోనే చెబుతారు. ఆసుపత్రికి హిందీ వచ్చినవాళ్లు చాలామంది వస్తే మీ చెల్లిని పిలవకపోవచ్చు. అయినా దరఖాస్తు చేయడానికి అడ్డేమీ లేదు.

ఇక ఆలోచించాల్సిన రెండు. మొదటిది ‘ఉత్తీర్ణులై ఉండాలి’. ఇది ఇప్పటికే పూర్తయిన పనిని అడుగుతోంది. పరీక్ష రాయడం ఉత్తీర్ణత కాదు. ప్రభుత్వ నోటిఫికేషన్లలో ఏ తేదీనాటికి పాసై ఉండాలో సాధారణంగా రాస్తారు, అది దాటితే మాట చెల్లదు. ఇక్కడ తేదీ లేదు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

రెండోది చాలామంది కళ్లు దాటిపోయేది, చివరి వాక్యంలోని ‘మాత్రమే’. అర్హతల వరసలో లేదు కాబట్టి పని వివరంలా కనిపిస్తుంది గానీ, ప్రకటన మొత్తంలో అన్నిటికన్నా గట్టి మాట అదే. రాత్రి షిఫ్టు కుదరనివాళ్లకు తలుపు అక్కడే మూసుకుంటుంది. ఆ పక్కనున్న ‘సంప్రదించగలరు’లోని ‘గలరు’ మాత్రం శక్తిని చెప్పేది కాదు, ‘సంప్రదించండి’ అని మర్యాదగా చెప్పడమే.

కాబట్టి మీ చెల్లి ముందు రాత్రి షిఫ్టు గురించి ఇంట్లో తేల్చుకోవాలి. కుదురుతుందనుకుంటే ఆసుపత్రికి ఫోన్ చేసి, ‘డిగ్రీ పరీక్షలు రాశానండీ, ఫలితాలు రావాలి. ఇప్పుడే రమ్మంటారా, మార్కుల మెమో వచ్చాక రమ్మంటారా?’ అని అడిగితే చాలు. హిందీ సంగతి వాళ్లు అడిగినప్పుడు చెప్పవచ్చు.