ఆ ఉత్తరం రాసే ముందు

అమ్మలూ,

నీ స్నేహితురాలికి ఎనిమిదో నెలలో బాబు కడుపులోనే పోయాడనీ, తనకి ఉత్తరం రాయాలని కూర్చుని నువ్వు కాగితాల మీద కాగితాలు చించేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఏమనాలో తెలియక చాలామంది ముఖం చాటేస్తారు. నువ్వు రాయాలనుకున్నావు, నాకెంత గర్వంగా అనిపించిందో. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. అలాంటి ఉత్తరమే నేనూ ఒకసారి రాశాను మరి.

అప్పుడు నాకు 26 ఏళ్లు. చిన్నప్పటి నుంచి నాతో చదువుకున్న పిల్లకి ఏడో నెల దాటాక కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. అందరిలాగే నొప్పులు పడి కన్నది. ఆడపిల్ల. నేను విన్న రోజే కూర్చుని రెండు పేజీలు రాసేశాను. నీకింకా వయసుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఒళ్లో బిడ్డ ఉంటుంది అన్నాను. పెంచుకున్నాక పోతే ఇంకా కష్టం, ఇదే నయమనుకో అన్నాను. ఏడిస్తే మీ ఆయన బెంగపడతాడు, ధైర్యంగా ఉండమన్నాను. అంతటితో ఆగానా? అసలేం జరిగింది, బరువులేమైనా ఎత్తావా అని కూడా అడిగాను.

జవాబు రాలేదు. ఇంత ప్రేమగా రాస్తే ఒక్క ముక్క రాయలేదని నేనే అలిగాను, చూడు.

ఆరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం తనే చెప్పింది. నా ఉత్తరం అందింది బిడ్డ పోయిన నాలుగో రోజున. ఆ రోజే తనకి పాలు పడ్డాయట. బిడ్డ లేదని ఒంటికి తెలియదు కదమ్మా, కాన్పయ్యాక రెండు మూడు రోజుల్లో పాలు వచ్చేస్తాయి. జాకెట్టు తడిసిపోతుంటే, తువ్వాలు అడ్డం పెట్టుకుని నా ఉత్తరం చదివింది. "రెండు పేజీల్లో నా కూతురు ఎక్కడా లేదే. ఇంకా పుట్టని పిల్ల గురించే రాశావు" అంది.

బరువులెత్తావా అన్న మాట దగ్గర తన గొంతు పూడుకుపోయింది. బిడ్డ కదలడం ఆగడానికి రెండు రోజుల ముందు నీళ్ల బకెట్ ఎత్తిందట. మాయ సరిగా పనిచేయలేదని డాక్టర్ చెప్పినా, ఆరేళ్లూ ఆ బకెట్‌నే తలుచుకుంది. ఆ అనుమానం తన మనసులో నాటింది నేను.

అందుకే నీకు మొట్టమొదట చెప్పేది, కారణం అడగకు. పరీక్షలన్నీ చేసినా చాలాసార్లు కారణం తేలదు. తల్లి మాత్రం తానేం తప్పు చేశానా అని రోజులన్నీ తిరగేసుకుంటూనే ఉంటుంది. నీ ప్రశ్న దానికి తోడవకూడదు. రెండో నెలలో, మూడో నెలలో గర్భం పోయినవాళ్లకి రాసినా అంతే. తొలినెలల్లో ఎక్కువగా పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన తేడా వల్ల పోతుంది. నడిచినందుకో, పనిచేసినందుకో కాదు. తనే అడిగితే అప్పుడు చెప్పు, ఉత్తరంలో పాఠం పెట్టకు.

రెండోది, బాబు ఉత్తరంలో ఉండాలి. పేరు పెట్టుకున్నారని నీకు తెలిస్తే ఆ పేరే రాయి. లేకపోతే 'మీ బాబు' అను. 'జరిగిన సంఘటన' అని రాశావంటే నేనే వచ్చి చించేస్తాను! 'కనీసం', 'పోనీలే', 'అంతా మన మంచికే' కనబడితే ఆ వాక్యం మొత్తం కొట్టేయ్.

పొడుగు అక్కర్లేదు. నేనైతే ఇప్పుడు ఇలా రాస్తాను: "మీ బాబు చనిపోయాడని తెలిసింది. వాడు లోపల తన్నినప్పుడు నా చెయ్యి తీసి నీ కడుపు మీద పెట్టావు, అది నాకు గుర్తుంది. నీ బాధకి నా దగ్గర మాటల్లేవు. వాడి గురించి ఎప్పుడు చెప్పాలనిపించినా వింటాను. దీనికి జవాబు రాయక్కర్లేదు."

నువ్వు నిజంగా చూసిందొకటి అందులో పెట్టు. నా మాటలు ఎత్తి రాయకు, తను పట్టేస్తుంది. వాళ్లాయన పేరు కూడా రాయి, పోయింది ఆయన కొడుకు కూడా. 'ఏం కావాలన్నా అడుగు' అంటే అడగరు. గురువారం వచ్చి బట్టలు ఉతికి పెడతాను, మాట్లాడాలనిపించకపోతే తలుపు తీసి లోపలికెళ్లి పడుకో అని రాయి. రాస్తే మాత్రం వెళ్లు.

కాన్పుకి ఇచ్చిన తేదీ నీకు తెలుసా? తెలిస్తే ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. అప్పటికి పలకరింపులన్నీ ఆగిపోయి ఉంటాయి. ఆ రోజు రెండు లైన్లు, ఈ రోజు గుర్తుంది అని పంపు. నా స్నేహితురాలికి ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

చక్కగా రాయాలని ఇంకో వారం ఆలస్యం చేయకు. రాశాక నాకు చూపించక్కర్లేదు తల్లీ, పంపేయ్.

మీ పెద్దమ్మ