ఆలస్యమైన వాయిదాకి బ్యాంకు వేసిన వడ్డీ: నేను రాసిన ఉత్తరం, నా లెక్క

బుజ్జీ,

నీ లోన్ స్టేట్‌మెంట్ చూశాను. ఒక్క వాయిదా పది రోజులు ఆలస్యమైతే అంత వేస్తారా అని ఏడుపు గొంతుతో అడిగావు కదా, నిరుడు నాకూ ఇదే జరిగింది, అందుకని ఫోన్లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఒక్కటి ముందే చెప్తాను. బ్యాంకుకి వెళ్లి "ఎక్కువ వేశారు" అంటే ఎవరూ వినరు, ఎంత వెయ్యాలో కాగితం మీద చూపించాలి.

నా సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఇంటి లోన్ వాయిదా 13,500, ప్రతి నెలా 5న కట్ అవుతుంది. 2025 జులైలో అన్నయ్యకి జీతం ఆలస్యమై డబ్బు 21న పంపాడు, నేను 22న కట్టాను. అంటే 17 రోజులు ఆలస్యం. నెలాఖరుకి స్టేట్‌మెంట్‌లో మామూలు వడ్డీ 7,305 అని ఒక లైను, దాని కింద పీనల్ చార్జీ 1,600, దాని కింద జీఎస్టీ 288 ఉన్నాయి. కౌంటర్లో అడిగితే "సిస్టమ్ వేసిందమ్మా, మేం మార్చలేం" అన్నారు. డ్వాక్రా సంఘం పుస్తకాలు అన్నేళ్లు రాసినదాన్ని, ఎవరైనా వాయిదా ఆలస్యం చేస్తే ఆలస్యమైన డబ్బుకి, ఆలస్యమైన రోజులకే లెక్క వేసేదాన్ని. ఈ 1,600 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అగ్రిమెంటు తీశాను. అందులో స్పష్టంగా ఉంది: వాయిదా ఆలస్యమైతే, కట్టని మొత్తం మీద, కట్టని రోజులకి, ఏడాదికి 2 శాతం. నా లోన్ బాకీ అప్పటికి 9,60,000. దానికి 2 శాతం అంటే 19,200, దాన్ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 1,600! అంటే నేను కట్టని 13,500 మీద కాకుండా మొత్తం బాకీ మీద, 17 రోజులకి కాకుండా నెలంతటికీ వేశారన్నమాట. తప్పు ఎక్కడ జరిగిందో ఇలా దొరికితే సగం పని అయిపోయినట్టే. నువ్వు కూడా వాళ్లు వేసిన అంకెని ముందు బాకీతో, తర్వాత వాయిదాతో తిప్పి చూడు, ఏదో ఒకదానికి తాళం చెవిలా సరిపోతుంది.

తర్వాత నా లెక్క వేశాను. 13,500కి ఏడాదికి 2 శాతం అంటే 270 రూపాయలు. దాన్ని 17తో గుణించి 365తో భాగిస్తే 12 రూపాయల 58 పైసలు. రోజులు లెక్కపెట్టేటప్పుడు 5 నుంచి 22 వరకు 17, కట్టిన రోజుని కలపకూడదు. 365 అని అగ్రిమెంటులో ఉందో లేదో కూడా చూసుకో.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. వాయిదా ఆలస్యమైతే ఆ 17 రోజులు బ్యాంకు డబ్బు మన దగ్గరే ఉంది, కాబట్టి దానికి 9 శాతం మామూలు వడ్డీ ఇవ్వాల్సిందే. 13,500కి 17 రోజులకి అది 56 రూపాయల 59 పైసలు. ఇది విడిగా కనపడదు, మామూలు వడ్డీ లైనులోనే కలిసిపోయి ఉంటుంది. నేను రోజువారీగా వేసి చూశాను: 9,60,000 మీద 21 రోజులు, మిగతా 10 రోజులు 9,46,500 మీద, మొత్తం 7,305. అదే 5వ తేదీన కట్టి ఉంటే 7,248 వచ్చేది. ఆ తేడా 57 రూపాయలు బ్యాంకు అప్పటికే తీసేసుకుంది, నేను దాన్ని అడగలేదు. మన తప్పుకి పడాల్సింది మనం ముందే ఒప్పుకుంటే మిగతా లెక్క వాళ్లు శ్రద్ధగా చదువుతారు.

రూల్ సంగతి కూడా తెలుసుకో. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యానికి వేసేది ఇక మీదట వడ్డీ రేటుకి కలిపే పీనల్ వడ్డీ కాదు, పీనల్ చార్జీ మాత్రమే, దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదు అని. పాత లోన్లకి కూడా 2024 జూన్ 30 లోపే ఇది వర్తించాలి. మామూలు వడ్డీ చక్రవడ్డీ అవ్వడం మాత్రం దీనివల్ల ఆగదు, ఆ వాదన పెట్టుకోకు. ఇక జీఎస్టీ, బ్యాంకులు వేసే పీనల్ చార్జీల మీద అది పడదని 2025 జనవరిలో పన్నుల శాఖ సర్క్యులరే చెప్పింది. 288 పూర్తిగా తప్పు అని నాకు ధైర్యం అక్కడ వచ్చింది.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వలేదు, ఇలా రాశాను:

"మేనేజర్ గారికి, నా లోన్ ఖాతాలో 31-07-2025న పీనల్ చార్జీగా 1,600, జీఎస్టీగా 288, మొత్తం 1,888 వేశారు. వాయిదా 17 రోజులు ఆలస్యమైన మాట నిజమే. అగ్రిమెంటు ప్రకారం కట్టని 13,500 మీద ఏడాదికి 2 శాతం చొప్పున 17 రోజులకి 12.58 అవుతుంది, దాన్ని 13గా ఒప్పుకుంటున్నాను. మీరు మొత్తం బాకీ 9,60,000 మీద నెలంతటికీ వేసినట్టు కనిపిస్తోంది. పీనల్ చార్జీ మీద జీఎస్టీ లేదు. కాబట్టి 1,875 రూపాయలు 31-07-2025 తేదీతోనే రివర్స్ చెయ్యండి. నా లెక్క తప్పైతే ఏ క్లాజు ప్రకారం, ఏ మొత్తం మీద, ఎన్ని రోజులకి వేశారో రాతపూర్వకంగా చెప్పండి."

ఆ చివరి రెండు వాక్యాలే ముఖ్యం బుజ్జీ. పాత తేదీతో రివర్స్ చెయ్యమని ఎందుకన్నానంటే, 1,875 ఆగస్టంతా బాకీలో కలిసి ఉంటే దాని మీద 14 రూపాయల 33 పైసలు వడ్డీ పడుతుంది. పాత తేదీ వేస్తే అది దానంతట అదే పోతుంది, కాబట్టి విడిగా అడగక్కర్లేదు, రెండూ అడిగితే మన లెక్కే తప్పవుతుంది.

అగ్రిమెంటులో ఆ క్లాజున్న పేజీ, స్టేట్‌మెంట్ జిరాక్సు జత చేసి, రెండో కాపీ మీద తేదీతో బ్యాంకు స్టాంపు వేయించుకున్నాను. స్టాంపు వెయ్యడానికి కౌంటర్లో అమ్మాయి కాస్త తటపటాయించింది, నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ స్టాంపు తేదీ నుంచి 30 రోజులు లెక్క. ఈలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు చెయ్యొచ్చు, ఫీజు ఉండదు. నాకు అంతదాకా రాలేదు. పంతొమ్మిదో రోజున 1,875 వెనక్కి పడింది, జులై 31 తేదీతోనే.

నీది బండి లోన్ కాబట్టి ఒక జాగ్రత్త. కొన్ని అగ్రిమెంట్లలో శాతం ఉండదు, ఆలస్యమైతే ఇంత అని ఒకే మొత్తం రాసి ఉంటుంది. నీది అలాంటిదైతే నా రోజుల లెక్క పనికిరాదు, జీఎస్టీ వేశారా, ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ వేశారా అన్నవే చూడాలి. ఆటో డెబిట్ బౌన్స్ అయినందుకు సేవింగ్స్ ఖాతాలో కోసింది కూడా వేరే పద్దు, దాన్ని ఈ ఉత్తరంలో కలపకు.

ముందు శాంక్షన్ లెటర్, అగ్రిమెంటులో ఆలస్యం గురించి రాసిన పేజీ ఫోటో తీసి ఈ రాత్రికి పంపు. నువ్వు లెక్క వెయ్యి, నేనూ ఇక్కడ వేస్తాను, రెండూ ఒకటే వచ్చాక ఉత్తరం రాద్దాం.

అమ్మ