పొడి ధాన్యంలో తడి ధాన్యం కలపకు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఆదివారం రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఐదు నిమిషాల్లో పెట్టేసేవాడు, ఆ రోజు ముప్పావుగంట వదల్లేదు. "అన్నయ్యా, అది హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చేస్తానంటోంది. మిల్లు తను చూసుకుంటుందట" అని చెప్పి, నేనేమంటానో అని ఆగాడు. నాకు గొంతు పెగల్లేదు. ఫోన్ పెట్టాక మీ పెద్దమ్మ ఏమైందని అడిగితే "మన మిల్లుకి మనిషి దొరికింది" అన్నాను. అయినా ఆ రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షన్ కూడా అంతే.

నువ్వు మీ నాన్నకి పంపిన ప్లాను ఆయన నాకు వాట్సాప్‌లో పంపాడు. ప్రింట్ తీయించుకుని పెన్సిల్ పట్టుకుని రెండుసార్లు చదివాను. ముందు బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్, తరవాత సిల్కీ పాలిషర్, లెక్కలన్నీ కంప్యూటర్లో, మూడో ఏడాది ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్ అని రాశావు. చక్కగా రాశావు తల్లీ. కానీ వరస తిరగేశావు. డ్రయ్యర్ ముందు రావాలి, సార్టెక్స్ తరవాత రావాలి. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. మోటార్లు కొనకముందే కరెంటు లోడు పెంచమని అర్జీ పెట్టు. బ్యాంకు అప్పు కిస్తీలు సార్వా ధాన్యం అమ్ముడయ్యే నెలలకి కుదిరేలా మాట్లాడుకో. సార్టెక్స్ తెచ్చినరోజు దాని కంప్రెసర్ గాలి పొడిగా ఉండేలా ఎయిర్ డ్రయ్యర్ పెట్టించు, గాలిలో నీరు, నూనె ఉంటే ఆ మిషన్ సరిగ్గా ఏరదు. ముఠా కూలీలతో రేటు నువ్వు మాట్లాడకు, ఈ ఒక్క ఏడాదీ మీ నాన్ననే మాట్లాడనీ.

సార్టెక్స్ చేసేదేమిటో గుర్తుపెట్టుకో. రంగు మారిన గింజనీ, నల్లమచ్చ గింజనీ, రాయినీ కెమెరాతో చూసి గాలితో కొట్టి అవతలికి నెడుతుంది. అంతే. విరిగిన గింజని అతికించదు. మన మిల్లు డబ్బు పోయేది రంగు దగ్గర కాదు, నూక దగ్గర. ఆ నూక పొట్టు ఒలిచే రబ్బరు రోళ్ల దగ్గరో పాలిష్ దగ్గరో పుడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఒక మంచి మనిషిని పోగొట్టుకున్నాను. నువ్వప్పటికి పుట్టలేదు. మీ నాన్న నీకీ సంగతి చెప్పి ఉండడు, నా పరువు కోసం.

1996 నవంబరు ఆరో తారీకున కోనసీమ తుఫాను వచ్చింది. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. స్వర్ణ చేలు కోతకి దగ్గరపడి ఉన్నాయి, నీళ్లలో పడుకున్నాయి. నెలాఖరుకి రైతులు ఎలాగో కోసి నూర్చి బళ్లమీద తెచ్చారు. తేమ మీటరు పెడితే కొన్ని బస్తాలు 18 శాతం, కొన్ని 20 శాతం చూపించాయి. కళ్లంలో ఆరబోద్దామంటే ఎండ లేదు. మనకి డ్రయ్యర్ లేదు. బియ్యం ఇవ్వాల్సిన గడువు నెత్తిమీద ఉంది. మన గోడౌన్లో మాత్రం వేసవిలో కొన్న దాళ్వా ధాన్యం నూటయాభై బస్తాలున్నాయి, బాగా ఎండి 12 తేమలో ఉన్నాయి.

నాకు పెద్ద తెలివైన ఆలోచన వచ్చిందనుకున్నాను. ఆ నూటయాభై బస్తాల పొడి ధాన్యంలో నూటయాభై బస్తాల 18 తేమ ధాన్యం కలిపేస్తే సగటున 15 అవుతుంది కదా, ఒక రాత్రి రాసిలో ఉంచితే తడి పొడికి ఎక్కి అంతా సమానమవుతుంది, ఆడించుకోవచ్చు అని. మీ నాన్న వద్దన్నాడు. మిషన్లు నడిపే మన మిల్లు డ్రైవరు కూడా వద్దన్నాడు. ఆయన మీ తాతగారి టైము నుంచి ఉన్నవాడు, మిషన్ చప్పుడు విని రోలు అరిగిందో లేదో చెప్పేవాడు. నేను వినలేదు. మర్నాడు పొద్దున మీటరు పెడితే 15 చూపించింది. చూశారా అన్నాను.

ఆడించాం. నూక ఎప్పుడూ వచ్చే దానికి రెట్టింపు వచ్చింది. జల్లెడ కింద తెల్లగా కుప్ప పడుతోంది. నేను రబ్బరు రోళ్ల మధ్య సందు బిగించి పెట్టారని కేకలేశాను. ఆయన సడలించాడు. నూక తగ్గలేదు. పాలిష్ కోను రాయి పోయిందన్నాను, కొత్త రాయి వేయించాను. రెండు రోజులు మిల్లు ఆగింది. అయినా తగ్గలేదు. అప్పుడాయన నన్ను పక్కకి పిలిచి, అరచేతిలో పది గింజలు వేసుకుని, గోరుతో పొట్టు ఒలిచి, ఆఫీసు గదిలో బల్బుకి అడ్డం పెట్టి చూపించాడు. "గింజ నడుం మీద చూడండి బాబూ, వెంట్రుకలా గీత ఉంది. ఇది మిషన్లోకి వెళ్లకముందే పగిలింది" అన్నాడు. పదిలో నాలుగింటికి ఉన్నాయి ఆ గీతలు. నా కళ్లతో నేను చూశాను. చూసి కూడా, అంతమంది కూలీల ముందు నా తప్పని ఒప్పుకోలేక, "నీకు చేతకాక ధాన్యం మీదికి తోస్తున్నావు" అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఇచ్చిన బియ్యం అవతలి గోడౌన్లో తీసుకోక వెనక్కొచ్చింది. తరవాత నెలకి ఆయన ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చాడు, పలకరించాడు, మిల్లుకి మాత్రం రానన్నాడు.

ఆ గీత ఎలా వస్తుందో తరవాత మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్లినప్పుడు ఒకాయన ఓపిగ్గా చెప్పారు. బాగా ఎండిన గింజ పక్కన తడి గింజ ఉంటే పొడిది తేమ పీల్చుకుంటుంది. ముందు పైపొర పీల్చుకుని ఉబ్బుతుంది, లోపలి గుండె ఇంకా పొడిగానే ఉంటుంది. పైది సాగుతుంటే లోపలిది లాగినట్టయి అడ్డంగా చీలుతుంది. పొట్టు మీద ఏమీ కనిపించదు. మీటరు గింజగింజకీ చూడదు, పిడికెడు గింజల సగటు చెబుతుంది. అందుకే 12, 18 కలిసినా 15 అంటుంది, నిజంగా 15 ఉన్నా 15 అంటుంది.

ఇప్పుడు నీ కాలంలో ఇది ఇంకా ఎక్కువ. కోత మిషన్లొచ్చాక ధాన్యం కళ్లంలో ఆగడం లేదు, చేను నుంచి నేరుగా మన కాటాకొస్తోంది. ఒకే ట్రాక్టరులో మెరక మడి ధాన్యం, పల్లపు మడి ధాన్యం కలిసొస్తాయి. అందుకని దింపేటప్పుడు ఒక్క బస్తాలో కాదు, పది చోట్ల నమూనా తీసే బొంగు దింపి విడివిడిగా తేమ చూడు. అంకెలు రెండు పాయింట్లకంటే ఎక్కువ తేడాగా ఉంటే ఆ లోడు వేరే రాసి పొయ్యి. కంప్యూటర్లో ముందు పెట్టుకోవాల్సిన లెక్క ఇదే: ఏ రాసి, ఏ రోజు, ఎంత తేమ, ఆడిస్తే ఎంత నూక.

ఇంకో లెక్క కూడా పెట్టుకో. 20 తేమ ధాన్యం వంద కిలోలు కొంటే అందులో పొడి సరుకు 80 కిలోలే. దాన్ని 14కి ఆరబెడితే 93 కిలోలు మిగులుతుంది. ఏడు కిలోలు ఆవిరైపోయింది, ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇది తెలియకపోతే స్టాకు తగ్గిందని నువ్వు గుమస్తాని అనుమానిస్తావు. నేను చేసిన పని నువ్వు చెయ్యకూడదు.

డ్రయ్యర్ తెచ్చాక తొందరపడకు. అమ్మేవాళ్లు గంటకి ఎన్ని టన్నులో చెబుతారు, నూక సంగతి చెప్పరు. వేడి పెంచి ఒక్క ఊపులో 20 నుంచి 14కి దింపితే పైపొర ఎండిపోయి లోపల తడి నిలిచిపోతుంది. ఆ తడి తరవాత మెల్లగా పైకొచ్చేటప్పుడు గింజ పగులుతుంది. అంటే డ్రయ్యర్ నుంచి దిగిన గంటకి చూస్తే బాగానే ఉంటుంది, మర్నాటికి గీతలు కనిపిస్తాయి. ఒక విడతకి రెండు పాయింట్లు దించు, నాలుగైదు గంటలు బిన్నులో కదపకుండా ఉండనీ, మళ్లీ తిప్పు. గింజ వేడి 43 డిగ్రీలు దాటనివ్వకు. చివరి విడత అయ్యాక కనీసం ఒక రోజు ఆగి ఆడించు.

ఆడించేముందు ప్రతి రాసిలోనూ వంద గింజలు చేత్తో ఒలువు. గాజుపలక మీద పరిచి కింద సెల్‌ఫోన్ లైటు పెట్టు. గీతలున్నవి లెక్కపెట్టు. పది, పన్నెండు దాటితే ఆ రాసి పచ్చి బియ్యానికి పనికిరాదని నేననుకుంటాను. దాన్ని బాయిల్డ్ మిల్లుకి అమ్మెయ్యి. ఉడకబెడితే లోపలి పిండి మెత్తబడి ఆ పగులు పూడుకుంటుంది. దాళ్వా ధాన్యం మే నెల ఎండకి చేలోనే పగులుతుంది కనుకే మనవైపు అది ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది.

ఇదంతా చదివి పెదనాన్న భయపెడుతున్నాడనుకోకు. నాకున్న అసలు భయం వేరు. కొత్త మిషన్లు అమ్మడానికి వచ్చినవాళ్ల ముందు ఇప్పటి డ్రైవరుని నువ్వు తక్కువ చేసి మాట్లాడతావేమోనని. నువ్వలాంటిదానివి కాదు, తెలుసు. నేనూ అలాంటివాణ్ణి కాదనే అనుకునేవాణ్ణి. ఏ మార్పు చేసినా ముందు ఆయనకి చూపించు. ఆయన వద్దంటే ఎందుకని అడుగు, చెప్పేదాకా ఆగు.

ఇంకొకటి. మిల్లులోకి చున్నీతో వెళ్లకు. జడ కట్టుకుని లోపలికి దోపుకో. ఊక ఎత్తే ఒకావిడ కొంగు ఫ్లాట్ బెల్టులో పడటం నేను చూశాను. చీర చిరిగిపోయింది కాబట్టి మనిషి దక్కింది. ప్రతి బెల్టుకీ ఇనుప జాలీ బిగించేదాకా కొత్త మిషన్ ఏదీ నడపకు. ఇది సలహా అనుకోకు, నా మాట.

చిన్నప్పుడు నువ్వు తవుడు బస్తాల మీద కూర్చుని, వేడి తవుడులో చేతులు పెట్టుకుని, సాయంత్రం ఇంటికి రమ్మంటే ఏడ్చేదానివి. జుట్టు నిండా తవుడే. మీ అమ్మ నన్ను తిట్టేది. మీ నాన్నకిప్పుడు దుమ్ముకి ఆయాసం వస్తోంది, నీకు చెప్పడు. పాలిషర్ల దగ్గర దుమ్ము లాగే ఫ్యాను, ఆ దుమ్ముని పట్టే సైక్లోను నీ ప్లానులో ఆఖరి పేజీలో ఉన్నాయి. వాటిని మొదటి పేజీకి తీసుకురా.

సార్వా ధాన్యం డ్రయ్యర్ నుంచి దిగాక, ఆడించకముందు, ఒక గుప్పెడు పొట్లం కట్టి రాజమండ్రి వచ్చే ఎవరిచేతనైనా పంపు. నా కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. ఒలిచి లైటు మీద పెట్టి చూసి, ఎన్నింటికి గీతలున్నాయో ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న