"అలగేనమ్మా" అన్నాడంటే

అమ్మలూ,

సైకియాట్రీ వార్డులో మొదటి రోజే ఒక పెద్దాయన ఏడుస్తుంటే "ఏం కాదు, అంతా బాగైపోద్ది" అన్నావని, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడని రాశావు. నేనూ అదే పని చేశాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక, ఉద్దానం నుంచి నిద్ర పట్టడం లేదని ఒకాయన వచ్చి చేరాడు. కొబ్బరితోట నేలమట్టమైంది. మాత్రలిస్తుంటే "ఇంక బతికి ఏటున్నాది సిస్టరమ్మా" అన్నాడు. "అలా అనకండి బాబూ, పిల్లలున్నారు, మళ్లీ నాటితే చెట్లు రావా" అన్నాను. "అలగేనమ్మా" అన్నాడు. ధైర్యం చెప్పానని మురిసిపోయాను.

మర్నాడు ఏం అడిగినా "అలగే". అన్నం కంచం కదల్లేదు. అప్పుడు తట్టింది. "అలా అనకండి" అంటే ఆ మాట నా దగ్గర ఎత్తొద్దని. "పిల్లలున్నారు" అంటే వాళ్లని వదిలేస్తున్న పాపం కూడా నీదేనని. నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఐదారేళ్లు పైనే పడుతుంది, అరవై దాటిన రైతుకి నేనా చెప్పేది! ఆ మాట విని భయపడింది నేను. ధైర్యం చెప్పుకున్నదీ నాకే.

స్టూలు లాక్కుని ఆయన ఎత్తులో కూర్చున్నాను. "నిన్న బతికి ఏటున్నాది అన్నారు. నేను అడ్డం పడిపోయాను. ఇప్పుడు చెప్పండి, వింటాను" అన్నాను. చాలాసేపు పలకలేదు. నేనూ ఊరుకున్నాను. ఈ ఊరుకోవడమే కష్టం, నోరు దురద పెడుతుంది.

"తోట కాదమ్మా. అప్పిచ్చినోడు వీధిలో అరుస్తుంటే కోడలు సూసింది."

"కోడలి ముందు తల దించుకోవాల్సి వచ్చింది" అన్నాను.

అంతే, ఏడ్చేశాడు. ఆయన మాటలో ఉన్న బాధనే తిరిగి చెప్పాను, సొంతం ఏమీ కలపలేదు. (ప్రతి మాటకీ ఇలా చేస్తే చిలకపలుకులవుతాయి, చిరాకు పడతారు.) "ఎందుకు అప్పు చేశారు" అని అడిగుంటే పోలీసు విచారణలా ఉండేది.

తర్వాత సూటిగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో కూడా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోకు, పుట్టదు. పశువుల శాలలో పురుగుమందు డబ్బా దాచానన్నాడు. "ఎవరికీ సెప్పకమ్మా" అన్నాడు.

అక్కడ మాత్రం "అలాగే" అనకూడదు. "మీ ప్రాణానికి సంబంధించింది, డాక్టరుగారికి చెప్తాను. మీకు చెప్పే చెప్తున్నాను" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు, ఆ పూట పలకలేదు. డాక్టరుగారికి చెప్పి, కేస్ షీట్లో ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాశాను. రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. భార్య కొడుక్కి ఫోన్ చేసి డబ్బా తీయించింది.

ధైర్యం అసలు చెప్పొద్దని కాదు. నీ చేతిలో ఉన్నదే చెప్పు. "పది గంటలకి మళ్లీ వస్తాను" అను, పదింటికి వెళ్లు. నేను వెళ్లేసరికి ఆయన మేలుకునే ఉన్నాడు, గోడ గడియారం చూస్తూ.

మీ పెద్దమ్మ