బర్న్‌డౌన్ గీత కదలకపోతే, పైకి లేస్తే ఏమనుకోవాలి?

"పది రోజుల స్ప్రింట్‌లో మా గీత నాలుగు రోజులు 40 పాయింట్ల దగ్గరే ఆగి, ఐదో రోజు 46కి లేచింది. జట్టు పని చేయడం లేదనుకోవాలా, అండీ?"

అలా అనుకోవద్దండీ. ఆ గీత చూపేది మిగిలిన పనిని మాత్రమే. స్టోరీ పూర్తిగా ముగిసేవరకు, సగం పని అయినా దాని పాయింట్లు సాధారణంగా తగ్గవు. విజయనగరంలో మా జట్టుకూ ఇలాగే జరిగింది. ఐదుగురం ఐదు స్టోరీలను ఒకేసారి మొదలుపెట్టాము, కోడ్ రాయడం మూడో రోజుకే అయిపోయింది, కానీ టెస్టింగ్ చేసేది ఒక్కరే కావడంతో అన్నీ ఆ వరుసలోనే నిలిచిపోయాయి. కాబట్టి ముందు బోర్డులో ఏ గడిలో కార్డులు పేరుకున్నాయో చూడండి. టెస్టింగ్ గడిలో ఉంటే, కొత్త స్టోరీ ఎత్తుకోకుండా అందరూ కలిసి వాటినే ముగించాలి. పాయింట్లన్నీ ఒకే పెద్ద స్టోరీలో ఉంటే, దాన్ని విడగొట్టడమే దారి. పని ముగిసినా గీత కదలకపోతే, ఎవరూ స్థితి మార్చడం మరిచిపోలేదు కదా అని కూడా అడగండి.

పైకి లేవడం వేరే సంగతి. నిన్నటి మిగులులోంచి ముగిసినదాన్ని తీసి, కొత్తగా చేరినదాన్ని కలిపితే నేటి మిగులు వస్తుంది. ఉదాహరణకు, మీకు ఐదో రోజు 5 పాయింట్లు ముగిసి, 11 చేరాయనుకోండి: 40 - 5 + 11 = 46. అంటే ఆ రోజు జరిగిన పని గీతలో కనబడనే లేదు. చేరిక కొత్త కోరికల వల్లనా, పాత అంచనా పెంచడం వల్లనా అన్నది స్ప్రింట్ మార్పుల చరిత్రలో తెలుస్తుంది. కొత్త కోరికలైతే, అంతే పరిమాణంలో మరొకటి తీసేయమని ప్రోడక్ట్ ఓనర్ గారితో ఆ రోజే మాట్లాడండి.