టాయిలెట్ గిన్నెలో పసుపు మరకలు, గట్టి వలయం పోవాలంటే?

మా ఇంట్లో బోరు నీళ్లు. కమోడ్‌లో నీళ్లు నిలిచే చోట పసుపు వలయం గట్టిగా పట్టేసింది. క్లీనర్ పోసి ఎంత రుద్దినా పోవడం లేదు. ఏం చేయాలి?

ఆ వలయం మురికి కాదు, బోరు నీళ్లలోని సున్నం పేరుకుని కట్టిన గార. పసుపు రంగు చాలావరకు మూత్రంలోని లవణాలది, నీళ్లలోని ఇనుముది. బ్లీచింగ్ వేస్తే పైరంగు తేలికవుతుందేమో గానీ గార కరగదు. దానికి యాసిడ్ క్లీనరే కావాలి.

చాలామంది నిండా నీళ్లుండగానే క్లీనర్ పోస్తారు. అది పలచబడి పని చేయదు. ముందు బ్రష్‌తో నీళ్లను లోపలికి నెట్టి, వలయం బయటపడ్డాక దాని మీద పోయండి. సన్నగా నురగ వస్తే సున్నం కరుగుతున్నట్టే. 20 నిమిషాలాగి రుద్ది, ఫ్లష్ చేయండి. మా అత్తగారింట్లో ఏళ్లనాటి గార ఇలా మూడోసారికి వదిలింది. బ్లేడుతో గీకొద్దు, మెరుపు పొర పోయి మరక ఇంకా త్వరగా పడుతుంది.

యాసిడ్ క్లీనర్‌తో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ వేసి ఉంటే ముందు రెండు మూడుసార్లు ఫ్లష్ చేయండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, కిటికీ తీసి ఉంచండి. ఘాటు వాసనొచ్చి దగ్గు మొదలైతే వెంటనే బయటికి వచ్చేయండి.